పద్దెనిమిది వందల మంది వినే షోకి స్పాన్సర్ డబ్బెందుకిస్తాడు: ఒక తెలుగు పాడ్‌కాస్ట్ జమాఖర్చు

ఈ కేసులో షో ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం. వారానికో ఎపిసోడ్, సుమారు నలభై ఐదు నిమిషాలు. మాట్లాడేది ఇద్దరు: ఒకరు సైట్ మీద పనిచేసే సివిల్ ఇంజినీరు, ఇంకొకరు ఇల్లు కట్టుకుంటున్న మనిషి అడిగేలా ప్రశ్నలడిగేవారు. అప్పుడప్పుడు ఒక మేస్త్రీనో, ప్లంబర్‌నో, బ్యాంకులో హోమ్‌లోన్లు చూసినవాళ్లనో కూర్చోబెడతారు. కింద ఉన్న అంకెలన్నీ నమూనా లెక్కలు. గుణించి చూసుకోడానికి వీలుగా గుండ్రంగా పెట్టినవి. ఎవరి షోకి వాళ్లు తమ అంకెలు వేసుకోవాలి, లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

షో మొదలై ఏడాది దాటింది. ఎపిసోడ్ వచ్చిన ముప్పై రోజుల్లో ఆడియో డౌన్‌లోడ్లు 1,800, యూట్యూబ్‌లో అదే ఎపిసోడ్‌కి వ్యూస్ 5,000. సినిమా కబుర్ల చానెళ్ల పక్కన పెడితే ఇవి కనపడని అంకెలు. అయినా ఈ షో స్పాన్సర్‌షిప్ అమ్ముకోగలుగుతోంది. దానికి కారణం తెలియాలంటే ముందు అమ్ముడుపోని పద్ధతి చూడాలి.

వెయ్యికి ఇంత అనే ధర ఎక్కడ బోల్తా కొడుతుంది

ప్రకటనల వాళ్లు మామూలుగా వెయ్యి మందికి ఇంత అని ధర కడతారు. వెయ్యి డౌన్‌లోడ్లకి 400 రూపాయలు అనుకుంటే, నాలుగు ఎపిసోడ్ల 7,200 డౌన్‌లోడ్లకి వచ్చేది 2,880 రూపాయలు. ఎడిటర్ ఖర్చుకి కూడా చాలదు. చాలా తెలుగు షోలు ఈ గుణకారం చేసుకుని, లక్ష వ్యూస్ వచ్చాక చూద్దామని స్పాన్సర్ మాటే పక్కన పెట్టేస్తాయి. లేకపోతే ఒక ఏజెన్సీకి అంకెలు పంపి, సమాధానం రాక ఊరుకుంటాయి.

అదే షోని కిటికీలు అమ్మేవాడి వైపు నుంచి చూడండి. యూపీవీసీ కిటికీలు తయారుచేసే ఒక చిన్న సంస్థకి ఒక ఇంటి ఆర్డరు లక్షన్నర, అందులో మిగిలేది ఇరవై శాతం అనుకుందాం. అంటే ఒక ఆర్డరుకి 30,000. నాలుగు ఎపిసోడ్ల ప్యాకేజీకి షో అడిగేది 24,000. ఆ నాలుగు వారాల్లో ఒక్క ఆర్డరు వచ్చినా అతని డబ్బు వెనక్కి వచ్చినట్టే, రెండొస్తే లాభం. అతనికి లక్ష మంది అక్కర్లేదు. వచ్చే మూడు నెలల్లో కిటికీలు కొనబోయే ఓ యాభై మంది వింటే చాలు.

కాబట్టి షో చెప్పాల్సిన అంకె డౌన్‌లోడ్లు కాదు, ఆ యాభై మంది ఉన్నారని చూపించే అంకె. అది ఏ డ్యాష్‌బోర్డులోనూ దొరకదు, అడిగి తెలుసుకోవాలి. ఈ షో అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: «మీ ఇల్లు ఇప్పుడు ఏ దశలో ఉంది?» జవాబులు అయిదు: స్థలం చూస్తున్నాం, ప్లాను అప్రూవల్‌లో ఉంది, పునాది, స్లాబు పడింది, ఫినిషింగ్. కింద ఊరు పేరు రాసే ఒక గడి. నాలుగు ఎపిసోడ్లలో వరసగా ఈ ఫారం గురించి చెప్పి, లింకు వివరణలోనూ పిన్ చేసిన కామెంట్‌లోనూ పెట్టారు. 210 మంది నింపారు. అందులో స్లాబు పడిందన్నవాళ్లు 48 మంది, వాళ్లలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కడుతున్నవాళ్లు 41.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫారం నింపేవాళ్లు మామూలు శ్రోతల కంటే ఎక్కువ ఆసక్తి ఉన్నవాళ్లు. 210లో 48 కాబట్టి 1,800లో 411 అని గుణించి స్పాన్సర్‌కి చెబితే మొదటి నెలలోనే పరువు పోతుంది. ఉన్నదున్నట్టు «41 మంది స్వయంగా చెప్పారు» అనడమే మంచిది. వ్యాపారికి ఆ మాటే బాగా అర్థమవుతుంది, ఎందుకంటే అతను రోజూ షోరూముకి వచ్చినవాళ్లని తలలు లెక్కపెట్టుకునే మనిషి.

ఇంకో సంగతి కూడా ఈ ఫారం వల్లే బయటపడింది. నింపినవాళ్లలో చెప్పుకోదగ్గ సంఖ్యలో విదేశాల్లో ఉంటూ సొంతూళ్లో ఇల్లు కట్టిస్తున్నవాళ్లున్నారు. సైట్ మీద లేరు కాబట్టి ప్రతి చిన్న విషయమూ విని నేర్చుకోవాలనుకుంటారు, డబ్బు పంపేది కూడా వాళ్లే. డౌన్‌లోడ్ల రిపోర్టులో వీళ్లు «భారత్ బయట» అనే గీతలో పడతారు. అది చూసి స్పాన్సర్ పనికిరారనుకుంటాడు. సొంతూరి పేరు రాసిన ఆ గడి ఒక్కటే ఆ అపోహ తీస్తుంది.

డౌన్‌లోడ్ అంటే ఏది లెక్క

స్పాన్సర్‌కి అంకె ఇచ్చేముందు ఆ అంకె ఏమిటో మనకి తెలిసుండాలి. ప్రకటనల పరిశ్రమ సంస్థ ఐఏబీ పెట్టిన ప్రమాణం పాటించే హోస్టింగ్ కంపెనీలు, అంటే మన ఆడియో ఫైళ్లు ఉంచుకునేవాళ్లు, కనీసం ఒక నిమిషం ఆడియో దిగితేనే డౌన్‌లోడ్ అని లెక్కిస్తాయి. ఒకే ఫోన్ నుంచి ఇరవై నాలుగు గంటల్లో ఎన్నిసార్లు వచ్చినా ఒకటే. యూట్యూబ్ వ్యూ వేరు, షార్ట్స్ వ్యూ ఇంకా వేరు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ప్లే అవడం మొదలైతే చాలు వ్యూ కింద పడుతోంది. ఈ మూడింటినీ కూడి «నెలకి మూడు లక్షల మంది» అని రాసేవాళ్లున్నారు. అడిగే స్పాన్సర్ అడిగిననాడు దానికి జవాబుండదు.

ఒక చిక్కు ఈ షోలోనూ వచ్చింది. ఆడియో వేరే హోస్టింగ్‌లో ఉండగా, స్పాటిఫైలో వీడియో కూడా ఎక్కించారు. మర్నాటి నుంచి హోస్టింగ్ రిపోర్టులో డౌన్‌లోడ్లు పడిపోయాయి. శ్రోతలు పోలేదు. స్పాటిఫైలో వినేవాళ్లకి ఫీడ్‌లోని ఆడియో బదులు ఆ వీడియోనే వెళుతోంది, ఆ లెక్క స్పాటిఫై దగ్గర ఉండిపోతోంది. హోస్టింగ్ వైపు నుంచి మార్చి మార్చి పెట్టే ప్రకటనలు వాడుతుంటే అవి కూడా అక్కడ వినపడవు. అందుకని స్పాన్సర్ ప్రకటనని ఈ షో ఎపిసోడ్‌లోనే కలిపి రికార్డు చేస్తుంది. దాని ఇబ్బంది ఏమిటంటే, ఆఫర్ అయిపోయాక కూడా పాత ఎపిసోడ్‌లో ఆ డిస్కౌంట్ కోడ్ మోగుతూనే ఉంటుంది. «ఫలానా నెలాఖరు దాకా» అనే ముక్క ప్రకటనలోనే చెప్పించాలి.

ప్రకటన చదివించడం

కిటికీల కంపెనీ పంపిన స్క్రిప్టు ఇలా మొదలైంది: «అత్యాధునిక సాంకేతికతతో రూపొందించబడిన మా ఉత్పత్తులు మీ కలల గృహానికి సరికొత్త శోభను చేకూరుస్తాయి.» ఇది ఎవరూ నోటితో అనని తెలుగు. ఇంజినీరు దీన్ని చదువుతుంటే, అప్పటిదాకా సైట్ భాష మాట్లాడిన మనిషి ఒక్కసారిగా పెళ్లిపత్రిక చదివినట్టుంటుంది. వినేవాడి బొటనవేలు ముప్పై సెకన్లు ముందుకి జరిపే బటన్ మీదకి పోయేది సరిగ్గా అక్కడే.

ఎపిసోడ్‌లో వెళ్లింది ఇది: «ఈ ఎపిసోడ్ స్పాన్సర్ ఫలానా విండోస్, అంటే ఇది డబ్బు తీసుకుని చెబుతున్న ప్రకటన. ఎదురుజల్లు కొట్టినప్పుడు కిటికీ కింద గోడ మీద చారలు కడుతుంది చూడండి. అది సగం సార్లు ఫ్రేముకీ గోడకీ మధ్య సందు సరిగ్గా మూయకపోవడం వల్ల వచ్చేదే. వీళ్లు ప్లాస్టరింగ్ అయ్యాక వచ్చి కొలతలు తీసుకుంటారు, బిగించాక పైపుతో నీళ్లు కొట్టి చూపించి వెళ్తారు. కొలతలకి డబ్బులు తీసుకోరు. నంబరు కింద ఉంది, ఫోన్ చేసినప్పుడు మా షోలో విన్నామని చెప్పండి.» యాభై సెకన్లు. కంపెనీ చెప్పమన్న ఏడు గుణాల్లో రెండే ఉన్నాయి. నీళ్లు కొట్టి చూపించే మాట నిజమేనా అని ఇంజినీరు ఒక సైట్‌కి వెళ్లి చూశాకే రికార్డు చేశారు. వెళ్లి చూడటం అనేది ఒప్పందంలోనే ఒక షరతు.

ప్రకటనని ఎపిసోడ్ మొదట్లో కాకుండా పదిహేనో నిమిషం దగ్గర పెట్టారు, అదీ గోడలు, ప్లాస్టరింగ్ గురించిన ఎపిసోడ్లలో. కిటికీ ఆర్డరు ఇచ్చేది ఆ దశలోనే. ఇదే ప్రకటనని స్థలం రిజిస్ట్రేషన్ ఎపిసోడ్‌లో పెడితే వినేవాడికి కిటికీ మాట రావడానికి ఇంకా ఏడాది ఉంటుంది. ఇలాంటి షోలో ఏ వారం ఏ విషయం అనే పట్టికే అసలు రేట్ కార్డు.

ప్రకటన అని చెప్పడం మర్యాద కోసమే కాదు. ప్రకటనల ప్రమాణాలు చూసే సంస్థ యాస్కీ నియమాల ప్రకారం ఆడియోలో ఆ విషయం మొదట్లోనూ చివర్లోనూ, మధ్యలో వచ్చే ప్రతి విరామానికి ముందూ వెనకా స్పష్టంగా వినిపించాలి, అదీ ఇంగ్లీషులోనో, ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనో. వీడియో పదిహేను సెకన్ల లోపైతే ఆ అక్షరాలు కనీసం మూడు సెకన్లు ఉండాలి. పదిహేను సెకన్ల నుంచి రెండు నిమిషాల మధ్యైతే నిడివిలో మూడోవంతు సేపు, అంతకంటే పెద్దదైతే ఆ బ్రాండు గురించి మాట్లాడినంతసేపూ ఉండాలి. యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేసేటప్పుడు డబ్బు తీసుకున్న ప్రచారం ఉందని టిక్ పెట్టే గడి వేరే ఉంది, దాన్ని మరిచిపోవడం చాలా మామూలు తప్పు.

ఒప్పందంలో నాలుగు గీతలు

రెండు పేజీల కాగితం చాలు. ఇందులో గొడవ వచ్చేవి నాలుగే. మొదటిది డబ్బు: సగం ముందు, మిగతా సగం రెండో ఎపిసోడ్ వచ్చిన వారంలోపు. నెల తర్వాత ఇస్తామన్న మాట మూడు నెలలకి సాగుతుంది, ఆ లోపు నాలుగు ఎపిసోడ్లూ వెళ్లిపోయి ఉంటాయి. రెండోది పోటీ: ఈ నాలుగు వారాల్లో ఇంకో కిటికీల కంపెనీ ప్రకటన రాదు. అయితే ఎపిసోడ్‌లో అతిథి అల్యూమినియమే మేలని అంటే దాన్ని కోయరు. ఇది ముందే రాయకపోతే రికార్డింగ్ అయిన రాత్రి ఫోన్ వస్తుంది.

మూడోది కొలత. కోడ్ ఒక్కటే నమ్ముకుంటే ఆర్డర్లు సగం కనపడవు, ఎందుకంటే లక్షన్నర బేరంలో ఎవరూ కోడ్ టైప్ చేయరు, ఫోన్ చేస్తారు. అందుకే ఈ ప్రకటనలకి మాత్రమే ఒక వేరే ఫోన్ నంబరు తీసుకోమని కంపెనీని అడిగారు. ఫోన్ ఎత్తేవాళ్లు ఊరూ, ఇల్లు ఏ దశలో ఉందో ఒక పుస్తకంలో రాస్తారు. నాలుగు వారాలకి పదకొండు ఫోన్లు, కొలతలకి వెళ్లింది అయిదిళ్లు, ఆర్డర్లు రెండు. కంపెనీకి మిగిలింది 60,000, షోకి ఇచ్చింది 24,000. రెండో ప్యాకేజీకి బేరమాడలేదు.

నాలుగోది, అందరూ వదిలేసేది, క్లిప్పుల హక్కు. ప్రకటన ముక్కని షో తన పేజీలో పెట్టడం వేరు, కంపెనీ దాన్ని తీసుకుని తన పేరుతో డబ్బు పెట్టి అందరి ఫోన్లలో తిప్పడం వేరు. రెండో పనిలో ఇంజినీరు ముఖం కిటికీల కంపెనీ ముఖమైపోతుంది. దానికి విడిగా 10,000, తొంభై రోజులు, ఆ తర్వాత తీసేయాలి. ఇది రాసి లేకపోతే రెండేళ్ల తర్వాత కూడా ఆ వీడియో తిరుగుతుంది, ఈలోపు ఇంకో కంపెనీ స్పాన్సర్‌గా రాదు.

పన్ను సంగతి క్లుప్తంగా. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యేది మొత్తం ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితేనే. అప్పటిదాకా పాన్ నంబరుతో మామూలు బిల్లు ఇవ్వొచ్చు. కంపెనీలు టీడీఎస్ పట్టుకుని ఇస్తాయి. అది మన పాన్ మీద జమ అయ్యిందో లేదో మూడు నెలలకోసారి ఆదాయపన్ను పోర్టల్‌లో చూసుకోవాలి, జమ చేయని కంపెనీలుంటాయి.

క్లిప్పులు: ఎక్కడ కోస్తే ఏమవుతుంది

ఎపిసోడ్‌కి మూడు క్లిప్పులు తీస్తారు. ఒక్కోటి ముప్పై అయిదు నుంచి యాభై అయిదు సెకన్లు. రికార్డింగ్‌లో మంచి ముక్క వచ్చినప్పుడు ప్రశ్నలడిగే మనిషి కాగితం మీద టైము రాసుకుంటారు. తర్వాత నలభై ఐదు నిమిషాలూ మళ్లీ వినే పని తప్పుతుంది.

ఒక క్లిప్పుని దగ్గర్నుంచి చూద్దాం. స్లాబు కింద జాకీలు ఎప్పుడు తీయొచ్చని ప్రశ్న. ఇంజినీరు జవాబు ఇలా సాగింది: «చాలామంది మేస్త్రీలు ఏడు రోజులకే తీసేస్తారు. కాంక్రీటు పనికి మన ప్రమాణం ఐఎస్ 456లో కూడా ఏడు రోజులనే ఉంది... కానీ అది గోడకీ గోడకీ మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబుకి. అంతకంటే ఎక్కువుంటే పద్నాలుగు రోజులు. బీముల కిందైతే ఆరు మీటర్ల దాకా పద్నాలుగు, దాటితే ఇరవై ఒకటి.» ఎడిటర్ మొదటి కోత «ఏడు రోజులనే ఉంది» దగ్గర పడింది. విన్నప్పుడు ఆ వాక్యం పూర్తయినట్టే ఉంటుంది, ముగింపులో ఒక దమ్ము కూడా ఉంటుంది. అలాగే వెళ్లుంటే పెద్ద హాలున్న ఇంట్లో ఎవరో ఒకరు ఏడో రోజు జాకీలు తీసేసి ఉండేవారు.

అందుకే ఈ షోలో క్లిప్పు కోసేది ఎడిటరైనా, సరే అనాల్సింది ఇంజినీరు. చూసేది ఒకే విషయం: «కానీ», «అయితే», «తప్ప» అనే మాటల ముందు కోత పడిందా? తెలుగులో షరతు తరచుగా వాక్యం తర్వాతే వస్తుంది కాబట్టి ఈ ప్రమాదం మనకి ఎక్కువే. చివరికి ఆ క్లిప్పు షరతుతోనే మొదలయ్యింది: «మీ హాలు నాలుగున్నర మీటర్లు దాటిందా? అయితే ఏడో రోజు జాకీలు తీయనివ్వకండి.» ఈ వాక్యం ఎపిసోడ్‌లో లేదు, రికార్డింగ్ అయ్యాక విడిగా చెప్పించుకున్నారు. ప్రతి ఎపిసోడ్ చివర పది నిమిషాలు ఇలాంటి మొదటి వాక్యాలు రికార్డు చేసుకోవడం అలవాటుగా పెట్టుకుంటే క్లిప్పు ఎపిసోడ్‌లో అడిగిన ప్రశ్నతో మొదలై నీరసపడటం ఉండదు.

చిత్రం వైపు వచ్చే తప్పు ఇంకొకటి. ఇద్దరినీ ఒకే కెమెరాలో అడ్డంగా తీస్తే, నిలువుగా కోసినప్పుడు సరిగ్గా మధ్యలో ఉన్న టేబులూ నీళ్ల సీసా వస్తాయి, మనుషుల భుజాలు చెరోపక్కా మిగులుతాయి. 1080 ఎత్తున్న వీడియోలో ఒక మనిషిని నిలువుగా కోస్తే వెడల్పు 607 పిక్సెల్స్ మాత్రమే, దాన్ని సాగదీస్తే ముఖం మసకగా ఉంటుంది. 4కేలో తీస్తే అదే కోత 1,215 వెడల్పు వస్తుంది, ఒక్క కెమెరాతో పని జరుగుతుంది. కుడివైపు కూర్చున్న మనిషి కోసం కోత ఇలా:

```
ffmpeg -ss 00:23:10 -to 00:23:58 -i ep12.mp4 -vf "crop=1214:2160:2300:0,scale=1080:1920" -c:a aac clip.mp4
```

ఇందులో 2300 అనేది ఎడమ అంచు నుంచి కోత మొదలయ్యే చోటు. కుర్చీలు కదలకపోతే ప్రతి ఎపిసోడ్‌కీ అదే అంకె పనిచేస్తుంది. నేల మీద కుర్చీ కాళ్ల దగ్గర టేపు అతికించి ఉంచడం అందుకే.

కింద వేసే తెలుగు అక్షరాలు మరో తలనొప్పి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల ఎంపిక పెట్టకపోతే వత్తులు విడిపోయి «స్లాబ్» కాస్తా «స్‌లాబ్» అవుతుంది. డీటీపీ షాపుల్లో వాడే పాత ఫాంట్లు యూనికోడ్ కావు, వాటి అక్షరాలు ఇక్కడ అతికిస్తే పిచ్చిగీతలొస్తాయి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు సరిపోతాయి. వత్తు కిందికి దిగుతుంది కాబట్టి గీతల మధ్య ఎడం కాస్త పెంచాలి. గీతకి రెండు మూడు మాటలే పెట్టాలి, «తీసేయాల్సివచ్చిందన్నమాట» లాంటిది ఒక్కటే గీత నింపేస్తుంది. తెర అడుగుభాగం బటన్లు, పేర్లు కప్పేస్తాయి, అక్షరాలు మధ్యకి దగ్గరగా ఉండాలి.

ఈ క్లిప్పులకి తెలుగు సినిమా పాట ముక్కో, కామెడీ డైలాగో తగిలిస్తే చూసేవాళ్లు పెరుగుతారన్నది నిజమే. కాపీరైట్ క్లెయిమ్ వస్తుందన్నదీ అంతే నిజం. షార్ట్ నిమిషం దాటి ఉండి క్లెయిమ్ పడితే వీడియో ఆగిపోతుంది. ఆ క్లిప్పు స్పాన్సర్‌దైతే జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

ఇంతా చేసి క్లిప్పులు తెచ్చేదెంత? షార్ట్స్ ప్రకటనల డబ్బులో తన వాటాకి వచ్చిన మొత్తంలో చానెల్‌కి దక్కేది 45 శాతం, పెద్ద వీడియోల్లో 55. చేతికొచ్చేది మాత్రం ఈ స్థాయి చానెల్‌కి టీ ఖర్చు. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం, యూట్యూబ్ ప్రకటనల వాటా రావడానికి కావాల్సిన 4,000 గంటల లెక్కలోకి కూడా రాదు. 2023 ఆగస్టు చివర్నుంచి షార్ట్స్ వివరణలో, కామెంట్లలో పెట్టిన లింకులు నొక్కితే తెరుచుకోవు. ఎపిసోడ్‌కి దారి చూపాలంటే అప్‌లోడ్‌లో `Related video` అనే చోట ఆ ఎపిసోడ్‌ని ఎంచుకోవడమే మార్గం, ఇది పెట్టకుండా వదిలేసిన క్లిప్పు ఎపిసోడ్‌కి ఎవరినీ తీసుకురాదు. ఎపిసోడ్ వైపు అనలిటిక్స్‌లో షార్ట్స్ నుంచి వచ్చినవాళ్లెందరో చూస్తే ఏ క్లిప్పు పనిచేసిందో తెలుస్తుంది. లక్షమంది చూసిన నవ్వుల క్లిప్పు కంటే నాలుగు వేలమంది చూసిన జాకీల క్లిప్పు ఎక్కువమందిని ఎపిసోడ్‌కి పంపడం ఇలాంటి షోలో వింతేమీ కాదు.

శ్రోతల డబ్బు: గృహప్రవేశంతో ఆగిపోయేది

మొదట పెట్టింది నెలకి 149 రూపాయల సభ్యత్వం. యూపీఐ ఆటోపే ద్వారా ప్రతి నెలా దానంతటదే కట్ అవుతుంది, 15,000 దాకా మళ్లీ పిన్ కొట్టక్కర్లేదు. రెండు సమస్యలొచ్చాయి. డబ్బు కట్ అయ్యే ముందురోజు కబురు వెళ్లడం నిబంధన. ఆ కబురు చూసిన ప్రతి నెలా సభ్యుడు «ఇది ఇంకా కావాలా» అని ఆలోచిస్తాడు. కట్ అయ్యే తేదీ నెలాఖరులో పడ్డవాళ్లకి ఖాతాలో డబ్బు లేక ఆగిపోయింది. తేదీని అయిదుకి మారిస్తే రెండోది తగ్గింది.

మొదటిది తగ్గలేదు, ఎందుకంటే దాని కారణం వేరు. ఇల్లు కట్టడం ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. గృహప్రవేశం అయ్యాక స్లాబు ఎపిసోడ్లతో ఎవరికీ పనిలేదు. వెళ్లిపోయినవాళ్లు షో నచ్చక వెళ్లలేదు, పని అయిపోయి వెళ్లారు. అది గ్రహించాక నెలవారీ తీసేసి ఒకటే పెట్టారు: ఏడాదికి 1,200 ఒకేసారి. ఇల్లు మొదలుపెట్టినవాడికి సుమారుగా ఆ ఇల్లు పూర్తయ్యేదాకా సరిపోతుంది. మామూలు యూపీఐ చెల్లింపే కాబట్టి తెగిపోవడమనేది లేదు.

సభ్యులకి ఇచ్చేది అదనపు ఎపిసోడ్ కాదు. అదనపు ఎపిసోడ్ పెడితే వారానికి రెండు రికార్డింగులై ఆరు నెలల్లో ఇద్దరూ అలిసిపోతారు. ఇచ్చేవి రెండు. ఒకటి, ప్రతి దశకీ ఒక పేజీ పట్టిక: స్లాబు పోసే రోజు పొద్దున్నే సైట్‌లో ఏమేం చూడాలి, ఎవర్ని ఏం అడగాలి, జాకీలు ఏ తేదీన తీయాలో రాసుకునే గడితో సహా. రెండు, నెలకో ఆదివారం గంటన్నర లైవ్, సభ్యులు తమ ప్లానో సైట్ ఫొటోనో చూపించి అడగొచ్చు. దీని హద్దు మొదటే చెప్పాలి: ఫొటో చూసి ఇంజినీరు చెప్పేది అభిప్రాయమే, డిజైనుకి సంతకం కాదు. ఈ మాట సభ్యత్వం పేజీలో రాయకపోతే ఒకరోజు పగులొచ్చిన బీముకి షో బాధ్యురాలవుతుంది.

యూట్యూబ్ మెంబర్‌షిప్ కూడా తెరిచే ఉంచారు. 500 మంది సబ్‌స్క్రైబర్లు, తొంభై రోజుల్లో మూడు వీడియోలు, ఏడాదిలో 3,000 గంటలు ఉంటే దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ ముప్పై శాతం వాళ్లు ఉంచుకుంటారు. విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇది సులువు దారి. వాళ్ల విషయంలో ఒక మాట జాగ్రత్తగా వాడాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ల నుంచి «విరాళం» అని డబ్బు తీసుకుంటే విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ ప్రశ్న వస్తుంది. పట్టికలకీ లైవ్‌కీ ఫీజుగా రసీదు ఇచ్చి తీసుకుంటే అది సేవకి కట్టిన డబ్బు. పేజీలో «మమ్మల్ని ఆదుకోండి» బదులు «సభ్యత్వం తీసుకోండి» అని రాయడానికి కారణం అదే. ఒకసారి ఆడిటర్‌కి చూపించి రాయడం మేలు.

ఏడాది లెక్క

స్పాన్సర్ పన్నెండు నెలలూ దొరకడు. వానాకాలంలో, మంచి ముహూర్తాలు లేని నెలల్లో కట్టుబడి మందగిస్తుంది, ప్రకటనా ఆగుతుంది. ఎనిమిది ప్యాకేజీలు అమ్ముడుపోతే 1,92,000. క్లిప్పుల హక్కు మూడు కంపెనీలు కొంటే 30,000. సభ్యులు 70 మంది, 84,000. యూట్యూబ్ అన్నీ కలిపి 24,000. మొత్తం 3,30,000. ఖర్చు వైపు 48 ఎపిసోడ్ల ఎడిటింగ్ 2,000 చొప్పున 96,000, 144 క్లిప్పులు 250 చొప్పున 36,000, హోస్టింగ్, ఇంటర్నెట్, చిల్లర 24,000. మొత్తం 1,56,000. మిగిలేది 1,74,000, ఇద్దరూ పంచుకుంటే మనిషికి నెలకి 7,250.

ఉద్యోగం మానేసే డబ్బు కాదిది. దీన్ని పెంచడానికి మొదట తోచేది ఎపిసోడ్లు పెంచడం, కానీ ఎపిసోడ్ పెరిగితే ఖర్చూ పెరుగుతుంది, స్లాబు దశలో ఉన్న ఆ 41 మంది మాత్రం పెరగరు. ఈ షో చేసింది వేరు. సర్వేలో «ప్లాను అప్రూవల్» గడి నింపినవాళ్లు 63 మంది ఉన్నారు, వాళ్ల కోసం ఒక్క స్పాన్సర్ కూడా లేడు. మట్టి పరీక్ష చేసే ల్యాబు, బోరు వేసేవాళ్లు, స్ట్రక్చరల్ డిజైన్ చేసే సంస్థ, ఈ మూడింటికీ ఆ 63 అంకెతో ఒక పేజీ పంపారు. ల్యాబు వద్దంది, ఒక్కో పరీక్ష మీద మిగిలేది తక్కువ, 24,000 తిరిగి రావాలంటే ఎన్ని పరీక్షలు కావాలో వాళ్లే లెక్కవేసి చూపించారు. డిజైన్ సంస్థ రెండు ప్యాకేజీలు తీసుకుంది.